బిస్కెట్ లోపల ఏముంది?

గుప్తనిధి మోసం మన రెండు రాష్ట్రాల పోలీసులకూ పాత కథే. పునాది తవ్వుతుంటే లంకెబిందె దొరికిందని, బయటికి తెలిస్తే ప్రభుత్వం పట్టుకుపోతుందని, అందుకే సగం ధరకు ఇచ్చేస్తున్నామని ఒకడు ఫోన్ చేస్తాడు. అనుమానముంటే పరీక్ష చేయించుకోండంటూ రెండు నాణేలు చేతిలో పెడతాడు కూడా. ఆ రెండూ నిజంగా బంగారమే. గీటురాయి మీద గీసినా, మెషిన్ కింద పెట్టినా మేలిమి అనే వస్తుంది. డబ్బు చేతులు మారాక దొరికిన మూట మాత్రం ఇత్తడి.

ఇందులో పరీక్ష తప్పేమీ లేదు. ఆ రెండు నాణేలు బంగారమా కాదా అని అడిగారు, అవునంది. మూట సంగతి దాన్ని ఎవరూ అడగలేదు. బిస్కెట్ విషయంలో, దుకాణంలో కొన్న నాణెం విషయంలో కూడా జరిగేది ఇదే, కాకపోతే ఇంకాస్త సన్నగా జరుగుతుంది. ఏ పరీక్షయినా బంగారం గురించి ఏదో ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. కొన్ని పరీక్షలు పైతోలును చూస్తాయి, కొన్ని ఒళ్లంతా చూస్తాయి. నకిలీ తయారుచేసేవాడికి ఈ తేడా బాగా తెలుసు. కొనేవాళ్లకు తెలియకపోవడం మీదే అతని బతుకు.

ముందుగా ఇంటింటా చెప్పుకునే చిట్కాలను తేల్చేద్దాం, వాటికి ఎక్కువ చోటు అక్కర్లేదు. అయస్కాంతానికి అంటుకుంటే అది బంగారం కాదు, లోపల ఇనుమో నికెలో ఉన్నట్టే. అంటుకోకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు, ఎందుకంటే రాగి, ఇత్తడి, వెండి, సీసం కూడా అంటుకోవు. మంచు ముక్క పెడితే గబగబా కరుగుతుందంటారు. కరుగుతుంది, రాగి మీద ఇంకా త్వరగా కరుగుతుంది. పంటితో కొరికితే నొక్కు పడాలంటారు. సీసం మీద అంతకంటే బాగా పడుతుంది, పైగా ముద్ర చెడిన నాణెం మీ చేతిలో మిగులుతుంది. వెనిగర్ చుక్క వేయడం, నీళ్లలో వేసి మునుగుతుందా అని చూడటం కూడా ఈ కోవలోవే. నీళ్లలో మునగని లోహంతో నకిలీ నాణెం చేసే అమాయకుడు ఎక్కడా ఉండడు. వీటన్నిటిలో అయస్కాంతం ఒక్కటే అట్టేపెట్టుకోదగ్గది. అదీ కాదని చెప్పించుకోవడానికే, అవునని చెప్పించుకోవడానికి కాదు.

పూత ఎంత చవక

బందరు పక్కన చిలకలపూడిలో తరతరాలుగా రోల్డ్‌గోల్డ్ నగలు చేస్తున్నారు. రాగి, ఇత్తడి మీద బంగారు పూత వేసి, ఇది పూతేనని చెప్పి మరీ అమ్ముతారు. అందులో మోసం లేదు. వన్ గ్రామ్ గోల్డ్ పేరుతో ఊరూరా అమ్మే నగల సంగతీ అంతే. కానీ ఆ నగలు కంటికి ఎంత అసలుగా కనిపిస్తాయో చూసినవాళ్లకు ఒక సంగతి అర్థమవుతుంది. రంగు, మెరుపు అనేవి బంగారానికి పైతోలు లక్షణాలు. ఆ తోలు కొనుక్కోవడానికి పెద్దగా ఖర్చు కాదు.

ఎంత కాదో లెక్క వేద్దాం. పది గ్రాముల 24 క్యారట్ నాణెం ఒకటి తీసుకోండి. దాని అడ్డుకొలత 20 మిల్లీమీటర్లు అనుకుంటే, మందం సుమారు 1.65 మిల్లీమీటర్లు ఉండాలి. రెండు ముఖాలూ, అంచూ కలిపి దాని ఉపరితలం ఏడు చదరపు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. అదే సైజు రాగి బిళ్ల మీద మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందాన, అంటే 20 మైక్రాన్ల పూత వేయడానికి పట్టే బంగారం పావు గ్రాము కంటే కొంచెం ఎక్కువ, అంతే. మామూలు గిల్టు పూతలతో పోలిస్తే ఇది చాలా మందమైన పూత. గోటితో గీకితే పోదు. గీటురాయి మీద మెల్లగా గీస్తే పసుపు గీతే పడుతుంది. నగల దుకాణాల్లో క్యారట్ మీటర్ అని పిలిచే ఎక్స్‌రే మెషిన్‌ను కూడా ఇది దాదాపుగా ఏమార్చగలదు. ఎందుకో ముందు ముందు చెబుతాను.

కానీ ఈ దొంగ నాణేన్ని కాటాలో వేయండి. పది గ్రాములు తూగాల్సింది 4.8 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. తయారుచేసినవాడు అదీ ఆలోచించి బరువు సరిగ్గా పది గ్రాములు చేశాడనుకుందాం. అడ్డుకొలత మార్చకుండా ఆ బరువు తేవాలంటే మందం 1.65 నుంచి మూడున్నర మిల్లీమీటర్లకు పెంచాలి. అంటే నాణెం కాస్తా బొత్తాంలా తయారవుతుంది. మందం సరిపెడితే బరువు చాలదు, బరువు సరిపెడితే మందం పెరుగుతుంది. రాగి, ఇత్తడి, వెండి, సీసం వీటిలో దేనితో చేసినా ఈ చిక్కు తప్పదు. బంగారం ఒక ఘన సెంటీమీటరు 19.3 గ్రాములు తూగుతుంది. సీసం 11.3, వెండి 10.5, రాగి 9 గ్రాములకు కొంచెం తక్కువ. బరువైన లోహమని మనం అనుకునే సీసం కూడా బంగారం ముందు దూదే.

అందుకే ఇంట్లో చేసే పరీక్షల్లో నమ్మదగ్గది ఒళ్లంతా ఒకేసారి చూసే పరీక్ష, అంటే సాంద్రత కొలవడం. దానికి కావలసింది గ్రాములో నూరో వంతు వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా, తేలికైన ప్లాస్టిక్ గ్లాసు, సన్నటి నైలాన్ దారం.

నీళ్ల గ్లాసు పరీక్ష

మొదట వస్తువును పొడిగా తూచి బరువు రాసుకోండి. తర్వాత కాటా మీద సగానికి పైగా నీళ్లున్న గ్లాసు పెట్టి, కాటాను సున్నాకు తెచ్చుకోండి. కాచి చల్లార్చిన నీళ్లయితే బుడగలు తక్కువ. గిన్నెలు తోమే సబ్బు ద్రవం ఒక్క చుక్క కలిపితే ఉన్న బుడగలు కూడా అంటుకోవు. ఇప్పుడు నాణేన్ని దారానికి కట్టి, పైనుంచి పట్టుకుని నీళ్లలోకి దించండి. పూర్తిగా మునగాలి. గ్లాసు అడుగును గానీ, పక్కలను గానీ తాకకూడదు. చెయ్యి వణుకుతుంటే రెండు పుస్తకాల దొంతర్ల మీద స్కేలు అడ్డంగా పెట్టి దారం దానికి కట్టండి. ఈ స్థితిలో కాటా చూపించే అంకె నాణెం పక్కకు తోసిన నీటి బరువు. పొడిగా తూచిన బరువును ఈ అంకెతో భాగించండి. వచ్చేదే సాంద్రత.

నాణెం అడుగున కూర్చుంటే మాత్రం కాటా దాని పూర్తి బరువే చూపిస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు చాలామంది చేసే పొరపాటు ఇదే. పది గ్రాముల నాణేనికి కాటా మీద 10.00 కనబడితే నాణెం చెడ్డదని అర్థం కాదు, అడుగుకు తగిలిందని.

యాభై గ్రాముల బిస్కెట్‌తో చేసి చూద్దాం. మేలిమి అయితే నీళ్లలో కాటా 2.58 నుంచి 2.59 దాకా చూపిస్తుంది. 22 క్యారట్ బంగారాన్ని 24 అని అంటగట్టి ఉంటే 2.84 దరిదాపుల్లో వస్తుంది. లోపల వెండి అయితే 4.7 దాటుతుంది, రాగి అయితే 5.5 దాటుతుంది. ఇంత తేడా ఉన్నప్పుడు కాటా చవకదైనా, చెయ్యి కాస్త కదిలినా దొంగ దొరికిపోతాడు.

పది గ్రాముల నాణేనికి వచ్చేసరికి జాగ్రత్త పెరగాలి. మేలిమికి 0.52, 22 క్యారట్‌కు 0.57 వస్తాయి. మధ్య తేడా కాటాలో అయిదు మెట్లే. ఒక్క బుడగ, నీళ్లలో ఎక్కువగా మునిగిన దారం కలిస్తే అందులో ఒకటి రెండు మెట్లు పోతాయి. అయిదారు సార్లు చేసి, ఎక్కువసార్లు వచ్చిన అంకెను తీసుకోవాలి. ఇక ఒక గ్రాము నాణేలకు ఈ కాటా పనికిరాదు. మేలిమికి 0.05, 22 క్యారట్‌కు 0.06 అని చూపించే పరికరంతో ఏం తేలుస్తాం? గ్రాములో వెయ్యో వంతు చూపించే కాటా ఉంటే తప్ప ఆ ప్రయత్నం వద్దు. పది గ్రాము నాణేలు కలిపి ఒకేసారి దించుదామా అనిపిస్తుంది. దించొచ్చు. కానీ వాటిలో ఒక్కటి ఇత్తడిదైతే మొత్తం లెక్క 22 క్యారట్ లాగా కనిపిస్తుంది. దొంగ ఎవరో తెలియకుండా పదింటి మీదా అనుమానం మిగులుతుంది.

ఇళ్లలో దాచుకున్న పాత కాసుల మీద ఈ పరీక్ష ముచ్చటగా పనిచేస్తుంది. మన పెద్దలు కాసు అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది బ్రిటిష్ సావరిన్, రాణి బొమ్మదో రాజు బొమ్మదో. 1918లో బొంబాయి టంకశాలలో కూడా వాటిని ముద్రించారు. వాటి మీద తేదీ దగ్గర ఇంగ్లిష్ ఐ అక్షరం చిన్నగా ఉంటుంది. సావరిన్ 22 క్యారట్ నాణెం. బరువు 7.99 గ్రాములు, అడ్డుకొలత 22 మిల్లీమీటర్లు, మందం ఒకటిన్నర మిల్లీమీటరు. దీనికి కొలతలు ఖాయంగా తెలుసు కాబట్టి బరువు, వెర్నియర్ కొలత, నీళ్ల పరీక్ష మూడూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాలి. నీళ్లలో 0.45 లేదా 0.46 రావాలి. భాగిస్తే 17.4 నుంచి 17.8. ఇక్కడ 19 వచ్చిందని సంతోషించకండి, అది సావరిన్ కాదని అర్థం. అసలు సావరిన్‌లో రాగి కలిసే ఉంటుంది. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించిన కాసులకు ఈ లెక్క అన్వయించదు. కొక్కెం, టంకం రెండూ బరువునూ సాంద్రతనూ మార్చేస్తాయి. కాసులపేరులోని బిళ్లలు అసలు సావరిన్లే కావు, కాసు ఆకారంలో అచ్చు వేసిన పల్చటి రేకులు. వాటిని ఈ కొలతలతో పోల్చి కంగారు పడనక్కర్లేదు.

పాత సావరిన్‌ను వేలి కొస మీద నిలబెట్టి ఇంకో నాణెంతో తడితే సన్నగా, కాసేపు మోగుతుంది. సీసం కలిసినది దబ్బుమంటుంది. చెవికి అలవాటుంటే మంచి పరీక్షే. కానీ అసలుదని తెలిసిన అదే రకం నాణెం పక్కన ఉంటేనే పోల్చడం కుదురుతుంది. బిస్కెట్‌కు ఇది వర్తించదు, అది మోగదు.

నీళ్ల పరీక్షకు దొరకనివాడు

ఇంతసేపూ చెప్పిన చిక్కు అన్ని లోహాలకూ ఉందన్నాను. ఒకదానికి లేదు. టంగ్‌స్టన్ సాంద్రత 19.25. బంగారానికీ దానికీ తేడా వెయ్యికి నాలుగు వంతుల లోపే. పాత బల్బుల్లో తీగగా వెలిగినది ఇదే. బంగారంతో పోలిస్తే ధర ఏమూలకూ రాదు.

యాభై గ్రాముల బిస్కెట్ మొత్తం టంగ్‌స్టనే అయినా నీళ్లలో 2.60 చూపిస్తుంది. మేలిమి 2.59 చూపిస్తుంది. మన వేసవిలో గ్లాసులోని నీళ్లు 30 డిగ్రీలకు వేడెక్కితే నీటి సాంద్రత తగ్గి ఈ అంకె దానంతటదే 0.01 మారిపోతుంది. అంటే బంగారానికీ టంగ్‌స్టన్‌కూ మధ్య ఉన్న తేడా కంటే నీళ్ల వేడి తెచ్చే తేడాయే ఎక్కువ. సాంద్రత పరీక్షను ఎంత శ్రద్ధగా చేసినా ఈ గోడ దాటలేం.

ఇది ఊహ కాదు. 2012లో బ్రిటన్‌లో ఒక కిలో బిస్కెట్ పాత లోహాల వ్యాపారి చేతికొచ్చింది. ఎక్స్‌రే మెషిన్ మేలిమి అనే చెప్పింది. బరువు రెండు గ్రాములు తగ్గడంతో అనుమానం వచ్చి కోసి చూస్తే లోపల టంగ్‌స్టన్ కడ్డీలు బయటపడ్డాయి. అసలు బిస్కెట్‌కే రంధ్రాలు చేసి, బంగారం తీసి, కడ్డీలు దూర్చి, పైన మళ్లీ బంగారంతో మూశారు. అదే ఏడాది న్యూయార్క్‌లో బంగారం వ్యాపారానికి పేరుపడ్డ నలభై ఏడో వీధిలో పది ఔన్సుల బిస్కెట్లు ఇలాగే దొరికాయి. ముద్ర, సీరియల్ నంబరు, పైనున్న బంగారం అన్నీ అసలువే. లోపలే వేరు.

మన ఇళ్లలో ఉండే చిన్న నాణేల దగ్గర ఈ భయం అంతగా అవసరం లేదు. టంగ్‌స్టన్ చాలా గట్టిది, పెళుసుది. దాని మీద ముద్ర కొట్టడం, పల్చటి నాణెంలో దాన్ని దాచడం కష్టమైన పని. పైగా రెండు గ్రాముల నాణెంలో మిగిలే లాభం ఆ శ్రమకు సరిపోదు. బిస్కెట్ పెద్దదయ్యే కొద్దీ లోపల చోటు, లాభం రెండూ పెరుగుతాయి. ఒక ఔన్సు నాణేలు, యాభై గ్రాములు, వంద గ్రాముల బిస్కెట్లు కొనేవాళ్లు ఈ పేరు గుర్తుంచుకోవాలి.

దుకాణంలో, పరీక్ష కేంద్రంలో

గీటురాయి ఎంతో పాతది, ఇప్పటికీ బంగారం మీద అప్పులిచ్చే చోట అప్రైజర్ చేతిలో అదే ఉంటుంది. నల్లటి రాయి మీద వస్తువును గీసి, పక్కనే క్యారట్ తెలిసిన పుల్లతో ఇంకో గీత గీస్తారు. రెండింటి మీదా యాసిడ్ రాస్తారు. నత్రికామ్లం రాగిని, ఇత్తడిని, వెండిని కరిగించేస్తుంది, బంగారాన్ని ముట్టుకోదు. క్యారట్ ఎక్కువైన గీతలకు హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా కలిపిన ఘాటైన ద్రావకం వాడతారు. ఏ గీత ఎంత త్వరగా మాయమైందో చూసి అనుభవంతో క్యారట్ చెబుతారు. అనుభవజ్ఞుల చేతిలో ఇది మంచి పరీక్షే. కానీ రాయి మీద పడ్డది పైతోలు మాత్రమే. పూత అనుమానముంటే అంచులో ఆకురాయితో కొంచెం లోతుగా అరగదీసి, ఆ చోటు నుంచి గీత గీయమని అడగాలి. ఆన్‌లైన్‌లో దొరికే యాసిడ్ కిట్‌లు తెచ్చుకుని వంటింట్లో ఈ పని చేయకండి. నత్రికామ్లం రాగిని తాకగానే లేచే గోధుమ రంగు పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇప్పుడు దుకాణాల్లో గీటురాయి చోట క్యారట్ మీటర్ వచ్చింది. వస్తువు మీదికి ఎక్స్‌రే పంపిస్తే ఒక్కో లోహం తన గుర్తున్న కిరణాలను తిరిగి వదులుతుంది. వాటిని లెక్కపెట్టి బంగారం ఇంత, వెండి ఇంత, రాగి ఇంత అని నిమిషంలోపే శాతాలు చూపిస్తుంది. వస్తువు పాడవదు. తెర మీద రెండు దశాంశాల దాకా అంకెలు కనబడేసరికి మనకు గొప్ప నమ్మకం కుదురుతుంది. కానీ ఆ కిరణాలు తిరిగి బయటికి రావాలంటే బంగారం పొరను దాటాలి. బంగారం అంత దట్టమైన లోహం కావడంతో లోతు నుంచి ఏవీ బయటికి రాలేవు. ఈ మెషిన్ చూపు దాదాపు పది మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. ఇందాకటి పావు గ్రాము పూత దాన్ని ఏమార్చగలదన్నది ఇందుకే. బ్రిటన్ బిస్కెట్ అందులో నెగ్గిందీ ఇందుకే. గీటురాయి కంటే మెషిన్ కచ్చితమైనదే, కానీ లోతైనది కాదు. రెండూ తోలునే చూస్తాయి.

నా ఉద్దేశంలో మామూలు కొనుగోలుదారుకు దీని నుంచి వచ్చే పాఠం పెద్ద కష్టమైనది కాదు. తోలు పరీక్ష ఒకటి, ఒంటి పరీక్ష ఒకటి, రెండూ ఒకే వస్తువు మీద జరగాలి. క్యారట్ మీటర్ మేలిమి అంటే, నీళ్ల పరీక్ష 19.3 అంటే, మిగిలే అనుమానం టంగ్‌స్టన్ ఒక్కటే. చిన్న నాణెమైతే అక్కడితో ఆగిపోవచ్చు.

పెద్ద బిస్కెట్‌కు ఆ ఒక్క అనుమానం కూడా తీరాలి. అందుకు పెద్ద వ్యాపారుల దగ్గర రెండు పరికరాలుంటాయి. ఒకటి విద్యుత్ వాహకతను కొలుస్తుంది. వస్తువు మీద ఆనించగానే లోపలికి కొంత లోతు దాకా విద్యుత్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. టంగ్‌స్టన్ ఈ విషయంలో బంగారంలో సగం కూడా కాదు కాబట్టి దొరికిపోతుంది. ప్లాస్టిక్ కార్డులో సీలు వేసిన నాణేన్ని విప్పకుండా పరీక్షించడానికి కూడా ఇది పనికొస్తుంది.

రెండోది అల్ట్రాసౌండ్. ఆస్పత్రిలో స్కానింగ్‌కు రాసినట్టే బిస్కెట్ మీద జెల్ రాసి శబ్ద తరంగం పంపుతారు. అది అడుగుకు తగిలి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి పరికరం మందం లెక్కగడుతుంది. బంగారంలో శబ్దం సెకనుకు సుమారు 3,240 మీటర్లు పోతుంది, టంగ్‌స్టన్‌లో అయిదు వేలు దాటుతుంది. వెర్నియర్‌తో కొలిస్తే పది మిల్లీమీటర్లున్న బిస్కెట్‌లో ఆరు మిల్లీమీటర్లు టంగ్‌స్టన్ ఉందనుకోండి. తరంగం ముందే తిరిగొచ్చేస్తుంది, బంగారమే అనుకుని లెక్కగట్టిన పరికరం ఏడున్నర చిల్లర చూపిస్తుంది. ఒక్కోసారి లోపలి కడ్డీ అంచుకే తగిలి వెనక్కొచ్చి రెండు మిల్లీమీటర్లనీ అంటుంది. ఎలా చూసినా వెర్నియర్‌తో పొంతన కుదరదు. బొమ్మలు ఎత్తుగా ఉన్న చిన్న నాణేల మీద ఇది సరిగా పనిచేయదు, తరంగానికి రెండు వైపులా చదునైన తలం కావాలి. బిస్కెట్ అంతటా నాలుగైదు చోట్ల కొలవడం కూడా ముఖ్యం. కడ్డీలు దూర్చినవాడు మొత్తం పొడుగునా దూర్చి ఉండకపోవచ్చు.

అన్నిటికీ పైకోర్టు నిప్పు పరీక్షే. హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో చేసే ఈ పరీక్షలో వస్తువు నుంచి పావు గ్రాము దాకా తీసి, అతి సున్నితమైన కాటాలో తూచి, దాని బరువుకు రెండున్నర రెట్ల వెండి కలిపి సీసపు రేకులో చుడతారు. రంధ్రాలున్న చిన్న మూసలో పెట్టి వెయ్యి డిగ్రీలకు పైగా వేడి చేస్తారు. సీసం కరిగి గాలితో కలిసి, రాగి లాంటి వాటిని వెంటేసుకుని మూస గోడల్లోకి ఇంకిపోతుంది. మిగిలిన గుండులో బంగారం, వెండి మాత్రమే ఉంటాయి. దాన్ని రేకుగా సాగదీసి నత్రికామ్లంలో మరిగిస్తే వెండి కరిగిపోతుంది. చివరికి మిగిలినదే బంగారం, దాన్ని తూచి మొదటి బరువుతో పోలుస్తారు. వెండి ఎందుకు కలపాలంటే, బంగారం మరీ ఎక్కువగా ఉన్న మిశ్రమంలో ఆమ్లం లోపలికి చొరబడలేదు. వెండి కరిగి దారి చేస్తేనే పని జరుగుతుంది. ఈ పద్ధతి వెయ్యిలో ఒక వంతు కంటే చిన్న తేడాను కూడా పట్టుకుంటుంది.

ఇంతటి పరీక్షకు కూడా ఒక బలహీనత ఉంది. మూలలో గీకి తీసిన పావు గ్రాము మేలిమి కావచ్చు, లోపల కడ్డీ అలాగే ఉండొచ్చు. అందుకే పెద్ద బిస్కెట్‌ను ముందు మొత్తం కరిగించి, కలియబెట్టి, ఆ తర్వాతే నమూనా తీస్తారు. కరిగించడంలోనే ఇంకో జవాబూ వచ్చేస్తుంది. బంగారం 1,064 డిగ్రీలకు కరుగుతుంది. టంగ్‌స్టన్‌కు 3,422 డిగ్రీలు కావాలి, స్వర్ణకారుడి కొలిమి అంత వేడి చేరదు. మూసలో బంగారం నీళ్లలా అయ్యాక కూడా కడ్డీ కడ్డీలాగే మిగులుతుంది.

ముద్రకు వేరే పరీక్ష

నగల మీద హాల్‌మార్క్‌తోపాటు ఆరు అంకెలు, అక్షరాల హెచ్‌యూఐడీ ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో టైప్ చేస్తే ఏ దుకాణం నమోదు చేయించింది, ఏ కేంద్రం పరీక్షించింది, వస్తువు ఏమిటి అన్నది వస్తుంది. ఉంగరం నంబరుకు గొలుసు అని వస్తే ఎవరో నంబరు కాపీ కొట్టారన్నమాట. బిస్కెట్లకు ఆ నిర్బంధ హాల్‌మార్కింగ్ వర్తించదు. వాటి మీద తయారీ సంస్థ పేరు, 999 లేదా 995 అన్న శుద్ధి, బరువు, సీరియల్ నంబరు ఉంటాయి. సీలు వేసిన కార్డు మీది నంబరూ బిస్కెట్ మీది నంబరూ ఒకటే అయి ఉండాలి. కానీ కార్డులను, సీళ్లను కూడా నకిలీ చేస్తున్నారు. కాబట్టి సీలు ఉందన్న ధైర్యంతో వీధిలో పరిచయమైన మనిషి దగ్గర కొనడం తగదు. సీలు విప్పితే తిరిగి అమ్మేటప్పుడు ధర తగ్గించే దుకాణాలున్నాయి. విప్పకపోతే నీళ్ల పరీక్ష కుదరదు. ఈ ఇరకాటంలో పడకుండా ఉండాలంటే బిల్లు ఇచ్చే చోట కొని, ఆ బిల్లును బిస్కెట్‌తోపాటే దాచడం తప్ప నాకు వేరే దారి కనిపించదు.

2019లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టిన సంగతి ఇక్కడ చెప్పాలి. స్విట్జర్లాండ్ రిఫైనరీల ముద్రలను దొంగతనంగా కొట్టిన కిలో బిస్కెట్లు వెయ్యికి తక్కువ కాకుండా దొరికాయి. వాటిలో బంగారం చాలావరకు అసలుదే, శుద్ధి కూడా దాదాపు సరిపోయేదే. మూలం చెప్పుకోలేని బంగారాన్ని మంచి పేరు తగిలించి అమ్మడానికి ముద్రను దొంగిలించారు. ఇలాంటి బిస్కెట్ మీద ఇంతవరకూ చెప్పిన పరీక్షలన్నీ చేసినా బంగారమే అంటాయి. అది బంగారమే మరి. సీరియల్ నంబరును తయారీ సంస్థతో సరిచూసుకుంటేనే దొంగతనం బయటపడుతుంది.

పాత బిస్కెట్‌నో నాణేన్నో అమ్మడానికి వెళ్లినప్పుడు చాలా దుకాణాల్లో 'కరిగిస్తే గానీ చెప్పలేమండీ' అంటారు. పైన చెప్పినవి చదివాక అది దబాయింపు కాదని అర్థమవుతుంది, నిజంగానే అదే గట్టి పరీక్ష. అయితే కరిగించడానికి ముందు వస్తువును మీ ఎదుటే తూయించి బరువు కాగితం మీద రాయించుకోండి. ఒకసారి కరిగాక ముద్ర పోతుంది, సీరియల్ నంబరు పోతుంది, బేరం కుదరకపోతే మీ చేతికొచ్చేది పేరులేని ముద్ద. కాబట్టి ముందు క్యారట్ మీటర్, నీళ్ల పరీక్ష చేయించి, ధర ఎంత ఇస్తారో మాట తీసుకుని, ఆ తర్వాతే కరిగించడానికి ఒప్పుకోండి. కరిగించాక మళ్లీ తూయించండి. మేలిమి బిస్కెట్‌లో బరువు తగ్గడమనేది నామమాత్రంగానే ఉండాలి. గ్రాముల్లో తగ్గిందంటే అమ్మినవాడి బిస్కెట్‌లోనైనా తేడా ఉండాలి, కొంటున్నవాడి మూసలోనైనా ఉండాలి. అందుకే మూసను కూడా చూపించమని అడగండి.